కరీంనగర్‌లో నాన్న, డాలస్‌లో కొడుకు: ఒక ఫ్లాటు ప్రకటనకు ఇద్దరు పాఠకులు

హైదరాబాద్ పడమటి వైపు, తెల్లాపూర్ దగ్గర ఒక బిల్డర్ మూడు టవర్లు కడుతున్నాడనుకుందాం. ఫ్లాట్లలో కొన్నిటిని విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు అమ్మాలని ఆయన ఆలోచన. అందుకోసం ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన వేయాలి. మార్కెటింగ్ ఆఫీసు నుంచి రాసేవాళ్ల చేతికి వచ్చే మొదటి ముసాయిదా ఇంచుమించు ఇలా ఉంటుంది.

"అమెరికాలో ఉన్న తెలుగువారా? అమ్మానాన్నలకు దూరంగా ఉన్నారా? సొంతగడ్డపై మీ కలల సౌధం సిద్ధం! ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు 10 నిమిషాలే! ఎస్ఎఫ్‌టీ రూ. 7,500 మాత్రమే! ప్రీ లాంచ్ ఆఫర్, కొన్ని ఫ్లాట్లే మిగిలాయి! నెలనెలా గ్యారంటీ అద్దె! రెరా త్వరలో!"

ఇలాంటి ప్రకటనలు నేనూ రాస్తుంటాను కాబట్టి చెబుతున్నాను, ఈ నాలుగైదు లైన్లలో ఉన్నట్టుగా ప్రచురించదగిన వాక్యం ఒక్కటీ లేదు. కొన్నిటికి చట్టం అడ్డొస్తుంది. కొన్నిటిని ఫేస్‌బుక్ నిబంధనలే ఒప్పుకోవు. మిగిలినవి చదివినవాడికి పనికొచ్చే ఏ సంగతీ చెప్పవు. ఈ ముసాయిదా సరైన ప్రకటనగా మారాలంటే ఏం చేయాలో వరసగా చూద్దాం. రాసేవాడు ఏం చేయాలో తెలిస్తే, ఫోన్‌లో రోజూ ఇలాంటివి చూసేవాళ్లకు వాటిని ఎలా చదవాలో తెలిసిపోతుంది.

ఎవరు చదువుతారు?

ఊళ్లో ఉన్నవాడు ఫ్లాటు కొనాలంటే ఆదివారం బండి వేసుకుని సైటుకు వెళ్తాడు. గోడ మీద చెయ్యి వేసి చూస్తాడు, పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని నీళ్ల సంగతి అడుగుతాడు, వానాకాలంలో రోడ్డు ఎలా ఉంటుందో టీ కొట్టులో కనుక్కుంటాడు. డాలస్‌లో ఉన్నవాడికి ఈ సౌకర్యం లేదు. అతనికి మొదట దొరికేది ఫోన్ తెరమీద ప్రకటన. అది నచ్చితే అతను చేసే మొదటి పని బిల్డర్‌కు ఫోన్ చేయడం కాదు. దాన్ని వాట్సాప్‌లో ఇంటికి పంపుతాడు. "నాన్నా, ఇది ఒకసారి చూసిరా" అని కింద ఒక ముక్క రాస్తాడు. కరీంనగర్‌లో ఉన్న నాన్న దాన్ని బావమరిదికి చూపిస్తాడు, తెలిసిన ఇంజినీరును అడుగుతాడు, ఆ తర్వాత బస్సెక్కి తెల్లాపూర్ వెళ్తాడు. డబ్బు కట్టేది కొడుకే అయినా సైటులో మెట్లెక్కి చూసి మాట చెప్పేది నాన్న. చాలా ఇళ్లలో ఈ పాత్ర మామగారిదో అన్నయ్యదో అవుతుంది.

కాబట్టి ఎన్నారై ప్రకటనకు ఇద్దరు పాఠకులు. ఈ సంగతి గుర్తుంటే రాసే పద్ధతే మారిపోతుంది. ఆఫీసుల్లో సాధారణంగా ఎన్నారై అనగానే ఇంగ్లిష్‌లో రాయమంటారు. కొడుకుకు ఇంగ్లిష్ ఇబ్బంది లేదు, నిజమే. కానీ ఇంగ్లిష్ పోస్టుల మధ్య తెలుగు లిపి కనబడితే తెరమీద జరిగే బొటనవేలు ఒక్క క్షణం ఆగుతుంది. అదే ప్రకటన నాన్న దగ్గరకు చేరినప్పుడు ఆయన ఎవరి సాయమూ లేకుండా చదువుకోగలడు. అంకెలు, స్థలాల పేర్లు, ధర తెలుగులో సూటిగా ఉంటే ఇద్దరికీ ఒకే సంగతి అందుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. వాట్సాప్‌లోకి పోయేది చాలాసార్లు బొమ్మ మాత్రమే. ప్రకటన కింద రాసిన మాటలు ఫేస్‌బుక్‌లోనే ఉండిపోతాయి. అందుకని ధర, స్థలం, రెరా నంబరు బొమ్మ మీదే చదవగలిగే సైజులో ఉండాలి. కింది మాటల్లో నంబరు వేశాం కదా అని ఊరుకుంటే కరీంనగర్ చేరేది ఒక అందమైన టవర్ బొమ్మ, ఒక ఫోన్ నంబరు అంతే.

మొదటి వాక్యం

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా సంస్థ ప్రకటన పాఠంలో సుమారు 125 క్యారెక్టర్లలోపే అసలు సంగతి చెప్పమని సూచిస్తుంది. అంతకు మించింది See more అనే మాట వెనక్కి వెళ్లిపోతుంది. చాలామంది దాన్ని నొక్కరు. తెలుగుకు ఈ లెక్క ఇంకా గట్టిగా తగులుతుంది. 'తెల్లాపూర్‌లో' అన్న మాట మన కంటికి ఐదారు అక్షరాలు. కంప్యూటర్ ఏత్వాన్ని, దీర్ఘాన్ని, పొల్లును విడివిడిగా లెక్కపెడుతుంది కాబట్టి ఆ ఒక్క మాటే పన్నెండు దాటుతుంది. అంటే తెరమీద మొదట కనిపించేది రెండు చిన్న వాక్యాలు. మన ముసాయిదాలో ఆ చోటులో దాదాపు సగం రెండు ప్రశ్నలకే ఖర్చయిపోయింది. ఆ ప్రశ్నల్లో ఎక్కడ, ఎంత, ఎప్పుడు అన్న మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు.

పైగా ఆ ప్రశ్నలు నిబంధనలకు కూడా తగులుతాయి. చదివేవాడి జాతి, పుట్టుక, మతం, వయసు, ఆర్థిక స్థితి లాంటి సొంత విషయాలు తమకు తెలుసన్నట్టు మాట్లాడే ప్రకటనలను మెటా అనుమతించదు. "అమెరికాలో ఉన్న తెలుగువారా?" అని అడగడం ఆ నిబంధన కిందికి వచ్చే ప్రమాదముంది. ప్రకటన తిరస్కరణకు గురైతే చాలామంది అదే వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి మళ్లీ పంపుతారు. అలా పదేపదే జరిగితే ప్రకటనల ఖాతాకే ముప్పు. ప్రాజెక్టు గురించి చెబితే ఈ తలనొప్పి ఉండదు. "మీరు ఎన్నారైలా?" అనకుండా "విదేశాల నుంచి కొనేవారికి వీడియో సైట్ విజిట్" అనొచ్చు. ఆ సౌకర్యం ఎవరికో వాళ్లకే తెలుస్తుంది.

అమ్మానాన్నలకు దూరంగా ఉన్నారా అన్న ప్రశ్న గురించి కూడా చెప్పాలి. అది మనసుకు తగులుతుంది, కాదనను. కానీ అమ్మ ఒంట్లో బాగోలేక టికెట్ దొరక్క తల్లడిల్లినవాడికి ఆ మాట ఒక గాయం. ఆ గాయాన్ని తడిమి ఫ్లాటు అమ్మడం నాకు న్యాయంగా అనిపించదు. తల్లిదండ్రులు ఉండటానికి ఆ ఇల్లు పనికొస్తుందని చెప్పాలంటే పనికొచ్చే సంగతులే ఉన్నాయి. లిఫ్టుకు జనరేటర్ ఉందా, స్ట్రెచర్ పట్టే లిఫ్టు ఉందా, బాత్రూమ్‌లో జారని టైల్స్ వేస్తున్నారా, ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లు? ఇవి రాస్తే నాన్న చదువుతూ తల ఊపుతాడు.

అమెరికాలో ఎవరికి చూపించవచ్చు?

తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న వీధులను ఎంచి, ముప్ఫై అయిదు నుంచి యాభై ఏళ్ల మగవాళ్లకు మాత్రమే చూపించండి అని చెప్పే బిల్డర్లు ఉంటారు. అమెరికాలో ఇది కుదరదు. అక్కడ 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం ఇళ్ల విషయంలో జాతి, మతం, లింగం, పుట్టిన దేశం చూసి వివక్ష చూపించకూడదు. ఫేస్‌బుక్ ప్రకటనల పద్ధతి ఆ వివక్షకు దారితీస్తోందని పౌరహక్కుల సంస్థలు కోర్టుకు వెళ్లాయి. 2019 మార్చిలో ఆ సంస్థలతో ఫేస్‌బుక్ రాజీకి వచ్చింది. అదే నెలలో అమెరికా గృహనిర్మాణ శాఖ విడిగా అభియోగం మోపింది. 2022లో న్యాయశాఖతో మరో ఒప్పందం కుదిరింది.

వీటి ఫలితం మన తెల్లాపూర్ ప్రకటన దాకా వస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇళ్ల ప్రకటన చూపించాలంటే, అది హౌసింగ్‌కు సంబంధించిన ప్రత్యేక వర్గం కిందికి వస్తుందని ముందే ప్రకటించాలి. అలా ప్రకటించాక వయసు, ఆడా మగా తేడా ఎంచుకునే వీలుండదు. పిన్ కోడ్ లాంటి జిప్ కోడ్‌తో పేటను ఎంచుకోలేం. ఊరి చుట్టూ ఉన్న విశాలమైన ప్రాంతం మొత్తానికీ చూపించాల్సిందే. దీన్ని దాటవేయడానికి 'ఇతర ప్రకటన' అని పెట్టి నడిపేవాళ్లున్నారు. వ్యవస్థ పట్టుకున్న రోజు ప్రకటన ఆగిపోతుంది.

ఈ పరిమితి వల్ల రాసేవాడి పని పెరిగింది. పాఠకుణ్ణి యంత్రం ఏరిపెట్టనప్పుడు ఆ ఏరే పని వాక్యమే చేయాలి. తెలుగు లిపి ఒక వడపోత. తెల్లాపూర్ అన్న పేరు రెండో వడపోత, అది ఎక్కడుందో తెలిసినవాడే ఆగుతాడు. ధర మూడోది. ఈ మూడూ మొదటి రెండు లైన్లలో ఉంటే, సంబంధం లేనివాడు తనంతట తానే తప్పుకుంటాడు.

ధర చెప్పడమెలా?

ముసాయిదాలో 'ఎస్ఎఫ్‌టీ రూ. 7,500' అని ఉంది. మన ఉదాహరణలో ఫ్లాటు 1,800 చదరపు అడుగులు అనుకుందాం. గుణిస్తే 1 కోటి 35 లక్షలు. డాలస్‌లో కూర్చున్నవాడు ఈ అంకెనే మనసులో పెట్టుకుంటాడు. ఇప్పుడు అతను పద్నాలుగో అంతస్తులో తూర్పు ముఖం ఫ్లాటు అడిగాడు. సేల్స్ ఆఫీసు పంపే కాస్ట్ షీట్ ఎలా ఉంటుందో చూడండి.

అయిదో అంతస్తు దాటాక ఒక్కో అంతస్తుకూ అడుగుకు 30 రూపాయల చొప్పున ఫ్లోర్ రైజ్. తొమ్మిది అంతస్తులకు అడుగుకు 270 రూపాయలు, మొత్తం 4 లక్షల 86 వేలు. తూర్పు ముఖానికి అడుగుకు వంద చొప్పున 1 లక్షా 80 వేలు. క్లబ్ హౌస్, ఇతర సౌకర్యాలకు 5 లక్షలు. రెండు కార్ల పార్కింగ్‌కు 4 లక్షలు. ఇక్కడికి 1 కోటి 50 లక్షల 66 వేలు అయింది. కడుతున్న ఫ్లాటు కాబట్టి దాని మీద 5 శాతం జీఎస్టీ, అంటే ఏడున్నర లక్షల పైమాట. కార్పస్ ఫండ్, ముందుగా కట్టే మెయింటెనెన్స్ కలిపి మరో 2 లక్షలు. మొత్తం 1 కోటి 60 లక్షలు దాటింది, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఇంకా కలపలేదు. ఈ రేట్లు ఉదాహరణకు వేసుకున్నవే. ప్రాజెక్టును బట్టి మారతాయి గాని, పద్దులు మాత్రం హైదరాబాద్‌లో ఎవరికైనా తెలిసినవే.

ప్రకటనలో 1 కోటి 35 లక్షలు చదివి, కాస్ట్ షీట్‌లో 1 కోటి 60 లక్షలు చూసినవాడికి కోపం వస్తుంది. ఇక్కడే ఉన్నవాడైతే ఆఫీసుకొచ్చి బేరమాడతాడు. దూరాన ఉన్నవాడు జవాబివ్వడం మానేస్తాడు. సేల్స్‌వాళ్లు 'లీడ్ చల్లబడింది' అంటారు. నిజానికి అతను నమ్మకం పోయి వెళ్లిపోయాడు.

అందుకే నేను 'బాక్స్ ప్రైస్' వేయమంటాను. అయిదో అంతస్తు లోపు ఫ్లాటుకు ఫ్లోర్ రైజ్, ముఖం చార్జీలు లేకుండా ఇదే లెక్క వేస్తే 1 కోటి 53 లక్షల 20 వేలు వస్తుంది. ప్రకటనలో "జీఎస్టీ, పార్కింగ్, క్లబ్ హౌస్ కలిపి రూ. 1.54 కోట్ల నుంచి, రిజిస్ట్రేషన్ అదనం" అని రాయాలి. అంకె పెద్దదైతే ఎవరూ ఫోన్ చేయరని బిల్డర్ భయపడతాడు. వచ్చే ఫారాలు తగ్గుతాయన్నది నిజమే. కానీ ధర చూసి వచ్చినవాడు రెండో ఫోన్‌కు కూడా ఎత్తుతాడు, వీడియో కాల్‌కు టైమిస్తాడు. ప్రకటన బాగా నడుస్తోందా లేదా అన్నది ఎన్ని ఫారాలు వచ్చాయన్నదాన్ని బట్టి కాకుండా, ఎంతమంది వీడియో సైట్ విజిట్ దాకా వచ్చారు, ఎంతమంది ఇంట్లోవాళ్లను సైటుకు పంపారు అన్నదాన్ని బట్టి చూడాలి.

విస్తీర్ణం విషయంలో కూడా ఇదే మెలిక ఉంది. 1,800 అడుగులన్నది మెట్లు, లిఫ్టు, కారిడార్, క్లబ్ హౌస్ వాటాలు కలిపిన కొలత. రెరా చట్టం చూసేది కార్పెట్ ఏరియాను. అంటే ఇంటి లోపల నడవగలిగిన చోటు, లోపలి అడ్డుగోడలతో సహా. బయటి గోడలు, పైపుల షాఫ్టులు, బాల్కనీ ఇందులోకి రావు. మన ఫ్లాటులో అది 1,250 అడుగులు అనుకుంటే, 1 కోటి 60 లక్షలను దానితో భాగిస్తే అడుగు 12,800 పడుతుంది. ప్రకటనలో రెండు కొలతలూ పక్కపక్కనే వేయాలి. నాన్న టేపు పట్టుకుని వెళ్లినప్పుడు ఆయనకు దొరికేది 1,250 మాత్రమే.

రెరా నంబరు

'ప్రీ లాంచ్', 'రెరా త్వరలో'. ముసాయిదాలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాటలు ఇవి. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టంలో సెక్షన్ 3 ప్రకారం, రిజిస్టర్ చేయని ప్రాజెక్టును అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా తప్పే. స్థలం 500 చదరపు మీటర్లు మించినా, ఫ్లాట్లు ఎనిమిది మించినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీరితే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా పడొచ్చు. రిజిస్ట్రేషన్ 'త్వరలో' వస్తుందని ప్రకటన ఇవ్వడమంటే ఇప్పటికి అది లేదని తానే ఒప్పుకోవడం. చట్టంలో ప్రకటన అన్న మాటకు అర్థం చాలా విశాలం. ఏ మాధ్యమంలో ఏ రూపంలో చేసిన ప్రచారమైనా అందులోకి వస్తుంది. వాట్సాప్ గ్రూపులో తిరిగే పాంప్లెట్ కూడా ప్రకటనే.

రిజిస్ట్రేషన్ ఉన్నప్పుడు దాని నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా ప్రకటనలో ప్రస్ఫుటంగా కనిపించాలని సెక్షన్ 11 చెబుతుంది. తెలంగాణకు rera.telangana.gov.in, ఆంధ్రప్రదేశ్‌కు rera.ap.gov.in. చాలా ప్రకటనల్లో నంబరును ఒక మూల బూడిదరంగులో, ఫోన్‌లో చదవలేనంత చిన్నగా వేస్తారు. దూరాన ఉన్నవాడు నమ్మకానికి మొదట వెతుక్కునేది ఆ నంబరునే. వెబ్‌సైట్‌లో దాన్ని కొట్టి చూస్తే ప్రమోటర్ ఎవరు, ప్లాన్ అనుమతులేమిటి, ఎప్పటికి పూర్తి చేస్తామని మాటిచ్చారు, కేసులేమైనా ఉన్నాయా అన్నవి తెలుస్తాయి. కాబట్టి దాన్ని దాచడం బిల్డర్‌కే నష్టం. నేనైతే ధర తర్వాతి లైన్ దానికే ఇస్తాను.

ప్రీ లాంచ్ పేరుతో కొన్ని చోట్ల కట్టడానికి అనుమతి రాకముందే స్థలంలో అవిభాజ్య వాటా రాసిస్తామని మొత్తం డబ్బు ఒకేసారి వసూలు చేస్తారు. ధర తక్కువగా ఉంటుంది, అందుకే ఎన్నారైలు ఆకర్షితులవుతారు. కానీ చేతికి వచ్చేది ఫ్లాటు కాదు, నేలలో వాటా. అనుమతి రాకపోతే, డబ్బు వేరే ప్రాజెక్టుకు మళ్లితే, విదేశం నుంచి తిరిగి రాబట్టుకోవడం ఎంత కష్టమో ఆ బాధ పడ్డ కుటుంబాలను అడగాలి. రెరా ప్రాజెక్టులో కొనుగోలుదారులు కట్టిన డబ్బులో 70 శాతం విడి బ్యాంకు ఖాతాలో ఉంచి, భూమికీ నిర్మాణానికే వాడాలి. ఖరీదులో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందు అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ చేయాలి. ప్రకటనలో "ముందు 10 శాతం, మిగతాది ఒప్పందం రిజిస్టరయ్యాక నిర్మాణ దశలను బట్టి" అని రాయగలిగిన బిల్డర్ చట్టం ప్రకారం నడుస్తున్నాడని తెలుస్తుంది. ఆ ఒక్క వాక్యం పది విశేషణాల కన్నా బలంగా పని చేస్తుంది.

మిగిలిన మాటల సంగతి త్వరగా చెప్పుకుందాం. '10 నిమిషాలు' అన్నది ఆదివారం పొద్దున్నే నిజం కావచ్చు, సోమవారం తొమ్మిదింటికి కాదు. గేటు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎగ్జిట్‌కు ఎన్ని కిలోమీటర్లో బండి మీద కొలిచి రాయాలి. గ్యారంటీ అద్దె అన్న మాటను నేను కొట్టేస్తాను. కట్టని ఇంటికి మూడేళ్ల తర్వాత వచ్చే అద్దెను ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇస్తామంటే ఆ డబ్బు ఫ్లాటు ధరలోనే ముందుగా కలిపి ఉండొచ్చు. 'కొన్ని ఫ్లాట్లే మిగిలాయి' అంటే ఎన్నో రాయాలి, అవి తగ్గినకొద్దీ అంకె మార్చాలి. అలా మార్చే ఓపిక లేకపోతే ఆ మాట వద్దు.

బొమ్మ విషయంలో ఒక పట్టుదల ఉండాలి. కంప్యూటర్‌లో గీసిన టవర్, చుట్టూ పచ్చని చెట్లు, నీలి ఈతకొలను వేస్తే అది ఊహాచిత్రమని బొమ్మ మీదే తెలుగులో రాయాలి. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రకటన ఏ భాషలో ఉందో వివరణ కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగు ప్రకటన కింద ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాల షరతులు వేయడం సరికాదు. దీనికన్నా మంచి దారి, నిజమైన సైటును డ్రోన్‌తో తీసి, తీసిన తేదీ వేసిన వీడియో. సగం కట్టిన స్లాబు, బయటికి కనబడే ఇనుప కడ్డీలు అందంగా ఉండవని బిల్డర్లు సంకోచిస్తారు. డాలస్‌లో ఉన్నవాడికి వాటికన్నా ఆనందం కలిగించే దృశ్యం లేదు. పోయిన నెల నాలుగో స్లాబు, ఈ నెల ఆరో స్లాబు కనబడితే పని సాగుతోందని అతనికి అర్థమవుతుంది.

ఇన్ని మార్పుల తర్వాత మన ప్రకటన ఇలా తయారైంది.

"తెల్లాపూర్‌లో 3 బెడ్‌రూమ్ ఫ్లాట్లు. అన్నీ కలిపి రూ. 1.54 కోట్ల నుంచి.

జీఎస్టీ, పార్కింగ్, క్లబ్ హౌస్ ధరలోనే. రిజిస్ట్రేషన్ అదనం. అయిదో అంతస్తు పైన, తూర్పు ముఖానికి అదనపు చార్జీలు కాస్ట్ షీట్‌లో ఉన్నాయి.

1,800 చ.అ., కార్పెట్ ఏరియా 1,250 చ.అ. రెరా నంబరు బొమ్మ మీద ఉంది, rera.telangana.gov.in లో చూసుకోండి.

ముందు 10 శాతం. మిగతాది ఒప్పందం రిజిస్టరయ్యాక, పని జరిగిన దశలను బట్టి, బ్యాంకు ద్వారా మాత్రమే.

విదేశాల నుంచి కొనేవారికి మీ టైమ్ ప్రకారం వీడియో సైట్ విజిట్. ఇక్కడి ఇంట్లోవాళ్లు ఏ రోజైనా వచ్చి చూడొచ్చు."

ఇందులో ఆశ్చర్యార్థకం లేదు, కలల సౌధం లేదు. మొదటి రెండు వాక్యాలు See more కు ముందే పూర్తవుతాయి. చివరి వాక్యం నాన్నను పిలుస్తోంది.

'బ్యాంకు ద్వారా మాత్రమే' అన్న మాట ఊరికే పెట్టలేదు. ఎన్నారై ఇక్కడ ఇల్లు కొనాలంటే డబ్బు విదేశం నుంచి బ్యాంకు ద్వారా రావాలి, లేదా అతని ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ, ఎఫ్‌సీఎన్ఆర్ ఖాతాల నుంచి వెళ్లాలి. విదేశీ కరెన్సీ నోట్లతో చెల్లించడానికి వీల్లేదు. 'కొంత బ్లాక్, కొంత వైట్' అన్న పాత పద్ధతి అతనికి రెండు రకాలుగా ముప్పు. రేపు ఇల్లు అమ్మి డబ్బు వెనక్కి తీసుకెళ్లాలంటే బ్యాంకు అడిగేది, కొన్నప్పుడు డబ్బు ఏ ఖాతాలోంచి పోయిందన్నదే.

ఫారం నింపాక

ప్రకటనతో పాటు ఫారం ప్రశ్నలు కూడా రాసేవాడి పనే. చాలా ఫారాల్లో పేరు, ఫోన్ నంబరు తప్ప ఏమీ ఉండవు. ఫోన్ నంబరు దానంతటదే నిండిపోతుంది, అందుకని పొరపాటున తగిలినవాళ్ల వివరాలు కూడా వచ్చేస్తాయి. నేను ఇంకో రెండు ప్రశ్నలు కలుపుతాను. మీరు ఏ ఊళ్లో ఉంటారు? మీకు ఏ సమయంలో ఫోన్ చేయమంటారు?

రెండో ప్రశ్న ఎందుకంటే, వేసవిలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి పిల్లలు పడుకున్నాక భార్యాభర్తలు ఫోన్ చూస్తూ ఫారం నింపుతారు. ఇక్కడ అప్పుడు శనివారం పొద్దున ఏడున్నర. టెలీకాలర్ పదింటికి ఆఫీసుకొచ్చి మొదటి నంబరుకు ఫోన్ కొడుతుంది. అక్కడ రాత్రి పదకొండున్నర. నిద్రలో ఫోన్ మోగి ఊళ్లో ఎవరికేమైందో అని ఉలిక్కిపడి లేచినవాడికి "సార్, తెల్లాపూర్ ప్రాజెక్టు నుంచి" అన్న మాట వినబడితే ఎలా ఉంటుంది? ఆ ప్రాజెక్టు పేరు ఇక ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ముందు వాట్సాప్‌లో కాస్ట్ షీట్, డ్రోన్ వీడియో పంపి, అడిగిన టైముకు ఫోన్ చేస్తే చాలు.

'మీరు రాకుండానే రిజిస్ట్రేషన్' అని కూడా కొందరు రాస్తారు. వీలయ్యే పనే, కానీ దాని వెనక చాలా పని ఉంది. అమెరికాలో ఉన్నవాడు నాన్న పేరిట స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి, భారత కాన్సులేట్ ద్వారా ధ్రువీకరించుకోవాలి, లేదా అక్కడి నోటరీ దగ్గర సంతకం చేసి రాష్ట్ర ప్రభుత్వం నుంచి అపొస్టిల్ ముద్ర వేయించాలి. అసలు కాగితం కొరియర్‌లో ఇక్కడికి రావాలి. వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి ముద్ర వేయించాలి. ఇందులో ఒక్కటి తప్పినా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నాన్న సంతకం చెల్లదు. అమ్మకపు ఒప్పందం 10 శాతం దాటకముందే రిజిస్టర్ కావాలి కాబట్టి ఈ పని తాళాలు తీసుకునేటప్పుడు కాదు, మొదట్లోనే పడుతుంది. ప్రకటనలో అంతా రాయలేం. "పవర్ ఆఫ్ అటార్నీ ఎలా చేయాలో కాగితాల నమూనాతో సహా పంపుతాం" అని రాసి, ఆ పవర్ ఆఫ్ అటార్నీ ఒక్క ఫ్లాటుకే, ఒక్క పనికే పరిమితంగా ఉండేలా నమూనా తయారు చేసి పెట్టుకోవాలి. బిల్డర్ మనిషి పేరిటే పవర్ ఆఫ్ అటార్నీ ఇమ్మని అడిగితే ఇవ్వకూడదు.

ఇక చదివేవాళ్లకు. ప్రకటనలో చెప్పిన మాట అబద్ధమై, దాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోతే రెరా చట్టంలో సెక్షన్ 12 కింద పరిహారం అడగొచ్చు. ప్రాజెక్టు నుంచి తప్పుకుని కట్టిందంతా వడ్డీతో వెనక్కి కోరవచ్చు. అందుకు ఆ ప్రకటన మన దగ్గర ఉండాలి. సోషల్ మీడియా ప్రకటన పేపర్ కటింగ్‌లా ఇంట్లో ఉండిపోదు. బిల్డర్ ఆపేసిన రోజున అది మాయమవుతుంది. మెటా నడిపే ప్రకటనల లైబ్రరీలో కూడా ఇలాంటి వ్యాపార ప్రకటనలు మన దగ్గర నడుస్తున్నంత కాలమే కనిపిస్తాయి. కాబట్టి ఫారం నింపే ముందే పేజీ పేరు, తేదీ, రెరా నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. See more నొక్కి పూర్తి పాఠం తీయండి. ఆ తర్వాత వచ్చే బ్రోచర్, కాస్ట్ షీట్, సేల్స్‌వాళ్ల వాట్సాప్ మెసేజ్‌లు, ఫోన్‌లో ఇచ్చిన హామీలను "మీరు ఇలా అన్నారు కదా" అంటూ తిరిగి రాసి పంపిన మెయిల్, అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, అందులో ఒక కాపీ నాన్న ఫోన్‌కు కూడా పంపండి. సైటుకు వెళ్లేటప్పుడు ఆయన చేతిలో అది ఉండాలి.